అర్థం కాని జాబు

మా చిన్నతనంలో తంతి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గుండెలు అరచేతిలో పెట్టుకుని నిలబడేవాళ్ళం. తీరా విప్పి చూస్తే అందులో మాటలు తలాతోకా లేకుండా ఉండేవి. ఒక్కొక్కప్పుడు “రేపు వస్తున్నాను” అన్నది ఇంకేదో అయి కూర్చునేది. అప్పుడు మా తాతగారు తాపీగా కళ్ళజోడు సవరించుకుని, “తంతి గుమాస్తా చేతివాటం లేరా!” అని తీసిపారేసేవారు. తప్పంతా మధ్యవాడిది. పంపినవాడు క్షేమం.

2013లో మన దేశంలో తంతి సేవే ఆగిపోయింది. ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఫోనుంది, మధ్యవాడు లేడు. అయినా మన తలలో ఆ గుమాస్తా ఇంకా బతికే ఉన్నాడు. అయినవాళ్ళ దగ్గర్నుంచి అర్థం లేని జాబు వస్తే, “ఫోను తప్పు కొట్టి ఉంటుందిలే” అని నవ్వేసి ఊరుకుంటాం. నేనూ అలాగే నవ్వాను. ఆ నవ్వుకి నాకు పట్టిన కాలం పంతొమ్మిది నిమిషాలు. దాని ఖరీదు ఎంతో తర్వాత తెలిసింది.

మా పెద్దక్కయ్య కాకినాడలో ఉంటుంది. అరవై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటోంది. బావగారూ ఆవిడా ఇద్దరే ఉంటారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. ఆవిడ ఫోనులో రాసే తెలుగు చూస్తే నాకే సిగ్గు వేస్తుంది. ఒత్తు జారదు, దీర్ఘం తప్పదు, వాక్యం చివర చుక్క పెట్టకుండా వదలదు. నేను తొందరలో ఒక గుడి ఎగరగొట్టి రాస్తే, “కాలేజీలో పాఠం చెప్పేవాడివి, ఇదేం రాతరా?” అని మందలిస్తుంది.

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం 6 గంటల 41 నిమిషాలకు ఆవిడ దగ్గర్నుంచి ఈ జాబు వచ్చింది: “పెరట్లో మామిడి పూత బాగా వచ్చింది. నిన్నటి మంచుకి కొంత రాలింది. అమ్మాయికి పరీక్షలు ఎప్పటినుంచి? రాయి.”

నేను జవాబు రాయలేదు. కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాను. 7 గంటల 12 నిమిషాలకు రెండోది వచ్చింది: “అమ్మాయి మామిడి గిన్నెకి మంచి రోజు పూసి ఉంచు. నిన్న కుర్చీ రాలదు.”

మా అమ్మాయి నా భుజం మీంచి చూసి పకపకా నవ్వింది. “అత్తయ్య నోటితో చెప్పి రాయించడం నేర్చుకుంటోంది నాన్నా!” అంది. నేనూ నవ్వి, “ఏమిటక్కయ్యా ఇది?” అని రాశాను. “గిన్నె కాదురా గిన్నెలో తలంబి పెట్టి.” అని వెంటనే జవాబు. చివర చుక్క మాత్రం ఉంది. నేను లేచి గడ్డం గీసుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇంకొకటి: “గిన్నె గిన్నె పూలిక రా.” అప్పుడు సమయం ఏడున్నర దాటింది.

ఇక్కడ నా వృత్తి నాకు కాస్త అక్కరకు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తప్పుల్లో జాతులుంటాయి. తెలియక చేసే తప్పు వేరు, తొందరలో చేసే తప్పు వేరు. ఈ మూడు జాబుల్లో ఉన్న తప్పు నేనెన్నడూ చూడని జాతిది.

ఫోను చేసే తప్పుని గమనించండి. వేలు జారితే పక్క అక్షరం పడుతుంది, గుణింతం ఎగిరిపోతుంది. అయినా మాట ఏదో పోల్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతిలో ఒక మాటకి బదులు దానిలాంటి ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది. నోటితో చెప్పి రాయిస్తే, ఫోను చెవికి సోకిన ధ్వనిని బట్టి మాట మారుతుంది. పైకి చదివి చూస్తే అసలు మాట ఏదో వినబడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం: “ఇదేమిటి?” అని అడిగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తమ రాత చూసుకుని, “అయ్యో, అది కాదు” అని సరిదిద్దుతారు.

రోగం చేసే తప్పు అలా ఉండదు. విడివిడిగా చూస్తే మాటలు చాలావరకు మంచి తెలుగు మాటలే. కలిపి చూస్తే అర్థం శూన్యం. గిన్నె, పూత, కుర్చీ, రోజు అన్నీ ఉన్నాయి, చెప్పదలచుకున్నది మాత్రం లేదు. మధ్య మధ్య “తలంబి”, “పూలిక” లాంటి, ఏ నిఘంటువులోనూ లేని మాటలు దూరతాయి. ఒకే మాట అరిగిపోయిన రికార్డులాగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. అడిగితే సరిదిద్దకపోగా రెండోది మొదటిదానికంటే అధ్వాన్నంగా ఉంటుంది. అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబే అసలైన పరీక్ష. నాకు ఆ పరీక్ష ఫలితం ఏడు గంటల ఇరవైలోపే చేతికి వచ్చింది. చదువుకోవలసినవాణ్ణి గడ్డం గీసుకున్నాను.

7 గంటల 31 నిమిషాలకు ఫోను చేశాను.

“అక్కయ్యా, బాగున్నావా?”

“ఆ, బాగానే ఉన్నానురా.” స్పష్టంగా, ఎప్పటి గొంతుతోనే.

నిజం చెబుతున్నాను, నా ప్రాణం లేచొచ్చి ఫోను పెట్టేయబోయాను. ఎందుకో ఆగి, “ఇవాళ కూరేమిటి?” అన్నాను.

“కూర... అదే, గిన్నెరాయి పోసి, నిన్నటి తలుపులో మంచిగా... వాడు వచ్చాడు కదూ!” ధారాళంగా చెప్పుకుపోతోంది. తడబాటు లేదు, నాలుక మందం లేదు. రాగం ఆవిడదే, మాటలు ఆవిడవి కావు. “అక్కయ్యా, నువ్వు చెప్పేది అర్థం కావడం లేదే” అంటే కోప్పడింది. తన మాటలో లోపం ఉన్నట్టు ఆవిడకి తెలియదు.

దీన్ని ప్రతి ఇంట్లోవాళ్ళూ గుర్తుపెట్టుకోవాలి. “బాగున్నావా?” అన్న ప్రశ్న ఎందుకూ పనికిరాదు. “ఆ, బాగానే ఉన్నాను” అన్న జవాబు వేలసార్లు అని అని నోటికి పట్టిన మాట. మెదడులో భాష చెదిరినా అది చెదరకుండా బయటికి వస్తుంది. అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలూ అంతే. “ఇవాళ కూరేమిటి? నిన్న మీ ఇంటికి ఎవరొచ్చారు?” అని సొంతంగా మాట వెతుక్కోవలసిన ప్రశ్న వెయ్యాలి. తర్వాత, “నేను అన్నట్టు అను: పెరట్లో మామిడిచెట్టు పూత పూసింది” అని ఒక చిన్న వాక్యం చెప్పి తిరిగి అనమనాలి. చేతిలో ఉన్న వస్తువు పేరు అడగాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఇక నాలుగోది అడగనక్కర్లేదు.

అక్కయ్యకి వచ్చింది మెదడు పక్షవాతం. మెదడుకి నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడింది. పక్షవాతం అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నా అనుమానం. పక్షమంటే ఒక పక్క. కాబట్టి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతేనే పక్షవాతమని మన మనసులో నాటుకుపోయింది. మూతి వంకరపోవాలి, చెయ్యి వేలాడాలి. అవేమీ లేకపోతే రోగం లేదనుకుంటాం. కాని చాలామందిలో భాషకి నెలవు మెదడు ఎడమభాగం. 1861లో ప్యారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు, మాట పోయిన ఒక రోగి చనిపోయాక మెదడుని పరీక్షించి, ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్నదని చూపించాడు. అక్కడ దెబ్బ తగిలినవాళ్ళు మాట కోసం పెనుగులాడతారు. ఒక్కొక్క మాటా లాగి లాగి అంటారు. 1874లో వెర్నికె అనే జర్మను వైద్యుడు దీనికి భిన్నమైన రోగుల్ని వర్ణించాడు. వాళ్ళు ధారాళంగా మాట్లాడతారు. ఆ ధారలో అర్థం ఉండదు, ఆ సంగతి వాళ్ళకి తెలియదు. మా అక్కయ్యది రెండో రకం.

ఆ చిన్న చోటుకి మాత్రమే నెత్తురు ఆగితే కాళ్ళూ చేతులూ భేషుగ్గా ఆడతాయి. మనిషి నడుస్తుంది, కాఫీ కలుపుతుంది, ఫోను తీసి తపతపా కొడుతుంది కూడా. వేళ్ళకి బలముంది, వేళ్ళు రాయవలసిన మాటలే తప్పిపోయాయి. నోటి మాటా రాతా ఒక్క కొట్టులోంచే సరుకు తెచ్చుకుంటాయి. కొట్టు తగలబడితే రెండింటికీ సరుకుండదు. పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా ఉన్న మనిషి విషయంలో, ముందుగా బయటపడేది రాతే కావచ్చు.

ఇది మా ఇంటి వింత కాదు. 2011 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఒక భర్త, గర్భవతి అయిన భార్యని ప్రసవం ఎప్పుడన్నారని ఫోనులో రాసి అడిగాడు. ఇరవై అయిదేళ్ళ ఆ అమ్మాయి దగ్గర్నుంచి తలాతోకా లేని జవాబులు వచ్చాయి. అతను కంగారుపడి ఆసుపత్రికి చేర్చాడు. పక్షవాతమేనని తేలింది. వైద్యులు ఆ ఉదంతాన్ని మరుసటి ఏడు వైద్యపత్రికలో ప్రకటించి, ఈ లక్షణాన్ని ‘డిస్‌టెక్స్‌టియా’ అన్నారు. ఇరవై అయిదేళ్ళు అన్న మాట గమనించండి. ఇది ముసలివాళ్ళకే వస్తుందన్న ధీమా పనికిరాదు.

మళ్ళీ కాకినాడకి వద్దాం. నేను విజయవాడలో, ఆవిడ కాకినాడలో. బావగారికి ఫోను చేస్తే అది వాళ్ళ వంటింట్లోనే మోగింది. ఆయన పొద్దున్నే షికారుకి వెళ్ళి, అటునుంచి రైతుబజారుకి పోయారు. పక్కింటి కుర్రవాడి నంబరు నా దగ్గర ఉండటం మా అదృష్టం. బ్యాంకులో పని చేస్తాడు. అతనికి చెప్పిన నాలుగు మాటలూ ఇవి: “బాబూ, మా అక్కయ్యకి మాట తేడాగా ఉంది. పక్షవాతమని అనుమానం. నువ్వు 108కి ఫోను చేసి, ఆవిడ దగ్గర కూర్చో. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకు.”

108కి నేనే ఎందుకు చెయ్యలేదంటారా? విజయవాడనుంచి చేసినా కాకినాడకి బండి పంపగలరు కాని, దారి చెప్పి గుమ్మంలో నిలబడవలసింది అక్కడున్నవాళ్ళు. మీరు బెంగుళూరులోనో చెన్నైలోనో ఉండి 108 నొక్కితే ఆ రాష్ట్రపు కేంద్రానికి పోతుంది. అమెరికానుంచి అయితే అసలు పనిచెయ్యదు. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఈ 108ని రోగి ఊళ్ళో ఉన్న మనిషి చేత పిలిపించడమే సుళువు. అందుకే పెద్దవాళ్ళని ఒంటరిగా ఉంచి దూరాన ఉన్నవారు ఇద్దరు ఇరుగుపొరుగుల నంబర్లు, వీలైతే వాళ్ళ దగ్గర ఒక మారు తాళంచెవి ఉంచాలి.

కుర్రవాడు తెలివైనవాడు. వెళ్ళీ వెళ్ళగానే నవ్వమన్నాడు. మూతి వంకర లేదు. రెండు చేతులూ చాచి పదికి లెక్కపెట్టేవరకు ఉంచమన్నాడు. ఏ చెయ్యీ వాలలేదు. “అంతా బాగానే ఉందండీ, మాట ఒక్కటే...” అన్నాడు నాతో సందేహంగా. ఆ ఒక్కటి చాలు. మూతి, చెయ్యి, మాట, ఈ మూడింట్లో ఏ ఒక్కటి అకస్మాత్తుగా తేడా చేసినా ఆసుపత్రికి పోవలసిందే. మూడూ పోయేదాకా కాచుకోవడం, ఇల్లంతా అంటుకున్నాక నీళ్ళు తోడుకోవడం లాంటిది.

108 బండి గుమ్మంలోకి వచ్చేసరికి బావగారు కూరల సంచీతో దిగారు. ఆయన గాబరా పడి అన్న మాటలు మనలో ఎవరైనా అనేవే: “చక్కగా నడుస్తోంది కదయ్యా! రాత్రి సరిగా నిద్రపోలేదు. కాసిని కాఫీ తాగి ఒక గంట పడుకుంటే సర్దుకుంటుంది.” ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. పక్షవాతంలో మింగే శక్తి తగ్గవచ్చు. కాఫీ గొంతు దిగక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక గంటసేపు పడుకోబెట్టడమంటే వైద్యానికున్న గడువులోంచి గంట చేజేతులా కోసి పారేయడం. మరికొందరు ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేసేస్తారు. అదీ తగదు. మెదడులో గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లి నెత్తురు కారుతోందో స్కాను తీస్తేగాని వైద్యుడికైనా తెలియదు. కారుతున్నదైతే ఆస్పిరిన్ నిప్పులో నెయ్యి. రక్తపోటు ఎక్కువగా ఉందని ఇంట్లో మాత్ర వేసి దించడం కూడా ప్రమాదమే.

బండివాళ్ళు స్కానూ, గడ్డ కరిగించే ఇంజెక్షనూ ఉన్న ఆసుపత్రికి పోనిచ్చారు. ముందు వీధి చివర డాక్టరుగారికి చూపిద్దామని ఎవరో అన్నారట గాని కుర్రవాడు ఒప్పుకోలేదు. స్కాను లేని చోట ఆగిన ప్రతి నిమిషం వృథా.

8 గంటల 15 నిమిషాలకు ఆసుపత్రి చేరారు. వైద్యుడు మొదట అడిగింది రోగం సంగతి కాదు: “ఆవిడ ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?”

బావగారు నిర్ఘాంతపోయారు. ఆయన అయిదున్నరకి బయటికి వెళ్ళేటప్పుడు అక్కయ్య నిద్రపోతోంది. ఆయనకి తెలిసి ఆవిడ బాగా మాట్లాడింది ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి. అక్కడనుంచి లెక్కపెడితే పదకొండు గంటలు కావస్తోంది. గడ్డ కరిగించే ఇంజెక్షనుకి మామూలు గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువు లక్షణం కంటబడినప్పటినుంచి కాదు, మనిషి ఆఖరుసారి బాగున్నట్టు నిశ్చయంగా తెలిసిన క్షణంనుంచి. తొమ్మిదిన్నర అని రాసుకుంటే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. గడువు దాటినవాళ్ళలో ఎవరికి ఇంజెక్షను పనికివస్తుందో తేల్చడానికి ఇంకా పెద్ద పరీక్షలు కావాలి, అవి అన్నిచోట్లా ఉండవు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి గడ్డని లాగే చికిత్స ఉంది. దానికి గడువు మొదటి ఆరు గంటలు, ఏరి చూసిన కొందరికి 24 గంటల వరకు. కాని అదీ పెద్ద ఊళ్ళలోనే.

అప్పుడు పనికివచ్చింది మామిడి పూత. నేను ఆ జాబులన్నిటినీ బొమ్మ తీసి కుర్రవాడికి పంపి ఉన్నాను. అతను వైద్యుడికి చూపించాడు. 6 గంటల 41 నిమిషాలకి ఒత్తు తప్పని తెలుగు. 7 గంటల 12 నిమిషాలకి గిన్నె. ఆ రెండింటి మధ్య ముప్పై ఒక్క నిమిషాల్లో ఎప్పుడో దెబ్బ తగిలింది. గడియారం 6-41 నుంచి మొదలని వైద్యుడు రాసుకున్నాడు. నెత్తుటిలో చక్కెర చూశారు, 132. స్కాను తీశారు, నెత్తురు కారడం లేదు. పల్చదనానికి మందులేమైనా వాడుతోందా అని అడిగారు. లేదు. 8 గంటల 55 నిమిషాలకి ఇంజెక్షను పడింది. రెండు గంటల 14 నిమిషాలు.

కాబట్టి అర్థం కాని జాబు వస్తే సిగ్గుపడి చెరిపెయ్యకండి, చెరపనివ్వకండి. అది వైద్యుడికి చూపవలసిన కాగితం. దానికంటే విలువైనది దాని పైనున్న అర్థమైన జాబు.

ఆ గడ్డ ఎక్కడిదని తర్వాత వెతికారు. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు తేలింది. అలా కొట్టుకునే గుండెలో నెత్తురు నిలవవుండి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి ప్రయాణం చేస్తుంది. “రెండు నెలలుగా అప్పుడప్పుడు దడగా ఉంటోంది” అని అక్కయ్య సంక్రాంతికి అన్న మాట మాకందరికీ అప్పుడు గుర్తుకొచ్చింది. ఇప్పుడు దానికి మందు వాడుతోంది.

ప్రతి గజిబిజి జాబూ పక్షవాతం కాదు. మా కాలేజీలో ఒకాయన తల్లిగారు మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుని, ఫలహారం ఆలస్యం చేసి, ఇలాగే అర్థం లేని మాటలు మాట్లాడారు. చక్కెర 46కి పడిపోయింది. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. అందుకే మధుమేహులైతే బండి వచ్చేలోపు ఇంట్లో పరికరం ఉంటే చక్కెర చూడటం మంచిది. తక్కువగా ఉండి, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు. పెద్దవాళ్ళలో మూత్రంలో చీము పట్టినా, ఒంట్లో ఉప్పు తగ్గినా మతి చెదురుతుంది. అది సాధారణంగా క్షణంలో రాదు. ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది, పూట పూటకీ మారుతుంది, మగతా భ్రమా తోడుంటాయి. మతిమరుపు రోగమైతే నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది. పక్షవాతం గుర్తు అకస్మాత్తుగా రావడం: 6-41కి ఉన్నది 7-12కి లేకపోవడం. ఏదైనా సరే, ఏ రోగమో తేల్చడం మన పని కాదు. అకస్మాత్తుగా వచ్చిందా లేదా అన్నదొక్కటే మనం చూడవలసింది.

ఇంకొక్క మాట. పది నిమిషాల్లో భాష మళ్ళీ చక్కబడితే? “ఏదో అయింది, పోయింది” అని ఊరుకోకండి. గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి తొలగి ఉండవచ్చు. అది పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక. ఆ తర్వాతి 48 గంటలే మరీ ప్రమాదం. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఆ సాయంత్రానికి అక్కయ్య మా పేర్లు చెప్పింది. మూడోనాటికి వాక్యాలు వచ్చాయి. ఇంటికొచ్చాక మాట నేర్పే వైద్యురాలు వారానికి రెండుసార్లు బొమ్మల అట్టలతో పాఠం చెప్పింది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినావిడ బుద్ధిగా కూర్చుని “ఇది గరిటె, ఇది చాట” అని చెప్పడం చూసి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. ఇప్పటికీ అలసిపోయినప్పుడు వస్తువుల పేర్లు దొరకవు. దొరకనప్పుడు ప్రతిదీ గిన్నే. కళ్ళజోడూ గిన్నే, తాళంచెవీ గిన్నే. తనే గ్రహించి నవ్వుతుంది. తప్పు తప్పని తనకి తెలుస్తోంది గనక మేమూ నవ్వుతున్నాం.

పెద్ద నాళం మూసుకుంటే మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు నశిస్తాయని 2006లో ఒక వైద్యుడు లెక్కగట్టాడు. అక్కయ్య నాళం అంత పెద్దది కాకపోవచ్చు. అయినా నేను తెలుగు మేష్టర్ని, లెక్కల్లో మందుణ్ణి, ఆ గుణకారం మాత్రం చేశాను. పంతొమ్మిది నిమిషాలు, పంతొమ్మిది లక్షలు. మూడు కోట్ల అరవై ఒక్క లక్షలు. ఆ గిన్నెల్లో కొన్ని నా గడ్డం తాలూకువేమో.

నిన్న ఉదయం ఆవిడ దగ్గర్నుంచి జాబు వచ్చింది. “మామిడికాయలు కోయించాను. రెండు గంపలు పంపుతున్నను. ఆవకాయకి మీ ఆవిడకి చెప్పు.” ‘పంపుతున్నను’లో దీర్ఘం ఎగిరిపోయింది. వెంటనే ఫోను చేసి, “ఏ కాయలక్కయ్యా?” అన్నాను.

“కొత్తపల్లి కొబ్బరిరా. కళ్ళజోడు లేకుండా రాశాను, దీర్ఘం పోయింది, చూశాను. దానికి ఫోను చెయ్యాలా?” అంది.

చెయ్యాలి.